చనిపోయినాయన ఇల్లు వారసుల దగ్గర కొంటున్నారా? ముందు చావు తేదీలు రాసుకోండి

ఇంటి యజమాని చనిపోయి, ఇప్పుడు భార్యాపిల్లలు ఆ ఇల్లు అమ్ముతున్నారంటే మనం సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "అందరూ సంతకం పెడతారా?" వాళ్లూ "పెడతారండీ, మాలో గొడవల్లేవు" అంటారు. చాలాసార్లు అది నిజమే. ఈ కొనుగోళ్లలో పెద్ద దెబ్బ గొడవపడే వారసుడి వల్ల తగలదు, ఎందుకంటే అతను కళ్లకు కనబడుతూనే ఉంటాడు. దెబ్బ తగిలేది తాను వారసుణ్నని తనకే తెలియని మనిషి వల్ల. అమ్మేవాళ్లకూ తెలియదు కాబట్టి వాళ్లు అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. ఆ మనిషిని ముందే ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇందులో చెప్పేది హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తించే కుటుంబాల గురించి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వాటాల లెక్క వేరు. ఉదాహరణకు క్రైస్తవ కుటుంబంలో వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలున్నప్పుడు భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. లెక్క మారినా, చూడాల్సిన పద్ధతి మాత్రం ఇదే.

టోకెన్ ఇవ్వకముందే వంశవృక్షం

అమ్మేవాళ్లు మొదట చూపించేది తహసీల్దార్ ఆఫీసు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అది తీసుకోండి కానీ అక్కడితో ఆగకండి. కుటుంబంలో ఎవరెవరున్నారో విచారించి ఇచ్చే కాగితమది. ఇంటి మీద ఎవరికెంత హక్కుందో అది తేల్చదు. అందులో పేరు లేనంత మాత్రాన వారసుడి వాటా పోదు. కొందరు కోర్టు ఇచ్చిన సక్సెషన్ సర్టిఫికెట్ చూపిస్తారు. అది బ్యాంకు డబ్బు, షేర్లు, రావలసిన బాకీల కోసం ఇచ్చేది, ఇంటికి పనికొచ్చేది కాదు. ఇంటిపన్ను ఎవరి పేరు మీదికి మారిందన్నది కూడా హక్కుకు రుజువు కాదు.

కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని వంశవృక్షం మీరే గీయండి. మధ్యలో చనిపోయిన యజమాని, పైన ఆయన తల్లి, పక్కన భార్య, కింద పిల్లలు. ప్రతి పేరు పక్కనా ఉన్నారా పోయారా, పోతే ఏ తేదీన అన్నది రాయండి. ప్రతి చావుకూ డెత్ సర్టిఫికెట్ నకలు అడగండి. ఈ తేదీల వరుసే అసలు విషయం. వారసత్వం మనిషి పోయిన క్షణంలోనే ఎవరికి వెళ్లాలో వాళ్లకు వెళ్లిపోతుంది. ఈ రోజు ఎవరు బతికున్నారన్నది కాదు, ఆ రోజు ఎవరు బతికున్నారన్నది చూడాలి.

పిల్లల గురించి అడిగేటప్పుడు చనిపోయినవాళ్ల గురించీ, దత్తత గురించీ విడిగా అడగండి. తండ్రి కంటే ముందే పోయిన కొడుకు భార్యాపిల్లలకు ఆ కొడుకు వాటా ఉంటుంది. ముందే పోయిన కూతురి పిల్లలకూ అంతే. రెండో సంసారం ఉంటే, ఆ పెళ్లి చట్టం ముందు చెల్లకపోయినా ఆ పిల్లలకు తండ్రి ఆస్తిలో వాటా ఉంది. ఆ రెండో ఆవిడకు మాత్రం ఉండదు. ఈ ప్రశ్న అడగడం ఇబ్బందే. ఇంట్లోవాళ్లను నేరుగా అడగలేకపోతే ఇరుగుపొరుగు పెద్దవాళ్లను అడగండి.

అందరూ మరిచిపోయే వారసురాలు

మగవాడు వీలునామా లేకుండా పోతే మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆయన తల్లి కూడా ఉంటుంది. తండ్రి ఆ తరగతిలో లేడు, తల్లి ఉంది. కొడుకు పోయేనాటికి ఆ ముసలమ్మ బతికుంటే కోడలితో సమానంగా ఒక వాటా ఆమెది. ఆ తర్వాత ఆమె పోతే ఆ వాటా ఆమె పిల్లలందరికీ, అంటే చనిపోయిన యజమాని అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వెళ్తుంది. చాలా ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ తట్టదు.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడ మీద దండ వేసిన ఫోటోలు చూడండి. ఇలా ఒక ఇంట్లో ఇంటాయన ఫోటో పక్కనే ఒక పెద్దావిడ ఫోటో ఉంది.

"అమ్మా, ఈవిడ ఎవరండీ?"

"మా అత్తగారు బాబూ."

"సారు పోయేనాటికి ఆవిడ ఉన్నారా?"

"ఉన్నారు నాయనా. కొడుకు పోయాక నాలుగేళ్లు మంచంలోనే ఉండి పోయారు, పాపం."

ఆ ఒక్క మాటతో లెక్క మారిపోయింది. ఆ ఇంటి లెక్కే చేసి చూపిస్తాను. సులువుగా ఉండటానికి ధర కోటీ ముప్పై అయిదు లక్షలు అనుకుందాం.

ఇల్లు ఆయన స్వార్జితం. 2009లో వీలునామా రాయకుండా పోయారు. ఆ రోజుకు ఉన్నవాళ్లు భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అయిదుగురికీ సమానంగా తలా అయిదో వంతు.

2013లో తల్లి పోయారు. ఆమె భర్త అంతకుముందే లేరు. ఆమెకు ముగ్గురు పిల్లలు: ఈ ఇంటి యజమాని, ఆయన తమ్ముడు, చెల్లెలు. ఆమె అయిదో వంతు మూడు భాగాలైంది. తమ్ముడికి పదిహేనో వంతు, చెల్లెలికి పదిహేనో వంతు. యజమాని అప్పటికే లేరు కాబట్టి ఆయన భాగం ఆయన ముగ్గురు పిల్లలకు, తలా నలభై అయిదో వంతు. ఇక్కడ కోడలికి, అంటే యజమాని భార్యకు, అత్తగారి వాటాలో ఏమీ రాదు. ఆడవాళ్ల ఆస్తికి వారసుల వరుస వేరు.

2018లో చిన్నకొడుకు పోయాడు. అతని వాటా అయిదో వంతు, దానికి నానమ్మ నుంచి వచ్చిన నలభై అయిదో వంతు కలిపితే మొత్తం తొమ్మిదింట రెండు వంతులు. అతనికి భార్య, ఒక బాబు, పైన తల్లి ఉన్నారు. ఆ వాటా ముగ్గురికీ సమానం. చిన్నకొడుకు భార్య తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆమె వాటా ఆమెదే.

అన్నీ కలిపి ఇంటిని 135 భాగాలు చేస్తే యజమాని భార్యకు 37, పెద్దకొడుక్కు 30, కూతురికి 30, చిన్నకోడలికి 10, ఆమె కొడుక్కు 10, యజమాని తమ్ముడికి 9, చెల్లెలికి 9. ధర కోటీ ముప్పై అయిదు లక్షలు కాబట్టి ఒక్కో భాగం లక్ష రూపాయలు.

బేరానికి కూర్చున్నది నలుగురు: యజమాని భార్య, పెద్దకొడుకు, కూతురు, చిన్నకోడలు. ఇంటికి సొంతదారులు ఏడుగురు. ఆ నలుగురి సంతకాలతో రిజిస్టర్ చేయించుకుని ఉంటే 28 లక్షల విలువైన వాటా కొనకుండానే మొత్తం డబ్బు కట్టినట్టయ్యేది. ఆ మిగిలిన ముగ్గురిలో ఒకరు మైనర్. ఎవరికి లేని హక్కును వాళ్లు అమ్మలేరు, సబ్ రిజిస్ట్రార్ ముద్ర పడ్డా సరే.

ఇల్లు ఆయనకెలా వచ్చింది, విల్లు ఉందా

పై లెక్క స్వార్జితానికి. ఆయన పేరు మీద ఉన్న దస్తావేజు చదివి, అది కొన్నదా, తండ్రి నుంచి వచ్చిందా, పంపకంలో పడిందా, గిఫ్టా అన్నది చూడాలి. తండ్రి తర్వాత ఆయన అనుభవిస్తూ వచ్చిన ఇల్లయితే, వంశవృక్షం ఇంకో తరం పైనుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ తండ్రి మిగతా పిల్లల వాటాలు తేలాయో లేదో తెలియదు. పిత్రార్జితమైతే పిల్లలకు పుట్టుకతోనే హక్కుంటుంది. 2005 సెప్టెంబరు 9 నుంచి కూతుళ్లకూ కొడుకులతో సమానంగా ఆ హక్కుంది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. ఇలాంటి ఇల్లయితే వాటాలు మీరే లెక్కేసుకోకండి, సివిల్ కేసులు చూసే లాయరుతో రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ తీసుకోండి.

విల్లు ఉందంటే అసలు కాగితం చూడండి. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్టర్ చేయకపోయినా విల్లు చెల్లుతుంది, రిజిస్టర్ చేసినా మిగతా వారసులు కోర్టులో సవాలు చేయొచ్చు. విల్లు ప్రకారం ఒక్కడికే వచ్చిన ఇల్లయినా, విల్లు లేకపోతే వాటా వచ్చి ఉండేవాళ్లందరినీ సేల్ డీడ్‌లో సంతకం పెట్టమనడమే మంచిది. వాళ్లు పెట్టనంటే ఎందుకో అడగండి. ఆ జవాబులోనే మీకు కావలసిన సమాచారం ఉంటుంది.

"ఆడపిల్లకు ఇచ్చేశాం" అన్నప్పుడు

"చెల్లికి పెళ్లప్పుడే కట్నం కింద ఇచ్చేశామండీ, తనకేం అభ్యంతరం లేదు" అన్న మాట ప్రతి ఊళ్లోనూ వినబడేదే. కట్నం ఇస్తే వాటా పోదు. తండ్రి బతికుండగా కూతురు "నాకు వాటా వద్దు" అని రాసిచ్చినా చెల్లదు, ఎందుకంటే అప్పటికి ఆమెకు వాటాయే రాలేదు. తండ్రి పోయాక స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించినదీ చాలదు. వాటా వదులుకోవాలంటే రిజిస్టర్ అయిన హక్కు విడుదల దస్తావేజు కావాలి. అది ఎవరి పేరు మీద విడుదల చేసిందో కూడా చదవండి.

నన్నడిగితే విడుదల దస్తావేజుల కంటే వాటాదారులందరూ ఒకే సేల్ డీడ్‌లో అమ్మేవాళ్లుగా ఉండటమే శుభ్రమైన పద్ధతి. కొందరు దస్తావేజు రైటర్లు "ఆవిడ చేత సాక్షి సంతకం పెట్టిద్దాం, చాలు" అంటారు. ఒప్పుకోకండి. సాక్షి సంతకం అంటే సంతకాలు చేయడం చూశానని చెప్పడం, తన వాటా అమ్మానని కాదు. మన లెక్కలో ఉన్న తమ్ముడు, చెల్లెలు కూడా అమ్మేవాళ్ల జాబితాలోకే రావాలి. వాళ్లకు డబ్బు అక్కర్లేకపోతే అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. సంతకం మాత్రం కావాలి.

ఒక వారసుడు విదేశంలో ఉండి, తన తరఫున వేరొకరు సంతకం పెట్టేందుకు అధికారపత్రం, అంటే జీపీఏ పంపిస్తే, అది అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ నోటరీ ముందు గానీ చేసిందై ఉండాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. అందులో ఈ ఇంటిని అమ్మే అధికారం స్పష్టంగా రాసి ఉండాలి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఆయనతో వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడండి. జీపీఏ ఇచ్చిన మనిషి పోతే ఆ జీపీఏతో అమ్మడం కుదరదు. అందుకే చనిపోయిన యజమాని ఎప్పుడో కొడుక్కు రాసిచ్చిన జీపీఏ చూపించి "దీంతో నేనొక్కణ్నే సంతకం పెడతాను" అంటే ఒప్పుకోవద్దు.

మైనర్ వాటా

మన ఉదాహరణలో బాబుకు పన్నెండేళ్లు, వాటా పది లక్షలు. తల్లే గార్డియన్ కాబట్టి ఆవిడ సంతకం చాలని అందరూ అనుకుంటారు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, 1956 ప్రకారం తల్లి అయినా సరే, మైనర్ స్థిరాస్తిని కోర్టు అనుమతి ముందుగా తీసుకోకుండా అమ్మకూడదు. అమ్మితే అది అప్పటికి చెల్లినట్టే ఉంటుంది, కానీ బాబు దాన్ని రద్దు చేయించుకోవచ్చు. పద్ధెనిమిదేళ్లు నిండాక మూడేళ్లు అతనికి గడువు. అంటే ఇప్పుడు కొంటే ఇంకో తొమ్మిదేళ్లు మీ ఇంటి మీద ఆ కత్తి వేలాడుతూనే ఉంటుంది. ఈలోపు బ్యాంకు లోను అడిగినా, మళ్లీ అమ్మబోయినా అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే.

కోర్టు ఈ అనుమతి ఊరికే ఇవ్వదు. పిల్లవాడి అవసరం కోసమో, అతనికి స్పష్టమైన లాభం ఉందనో చూపించాలి. డబ్బు ఎలా దాచాలో కూడా కోర్టు షరతు పెట్టొచ్చు, మామూలుగా బాబు పేరు మీద బ్యాంకు డిపాజిట్ చేయమంటుంది. నెలలు పడుతుంది. అందుకే అగ్రిమెంట్‌లో గడువు రాసేటప్పుడు తేదీ కాకుండా "కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ అందిన ఇన్ని రోజులకు" అని రాయించుకోండి. పిటిషన్ వేయాల్సింది తల్లి, ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

"మిగతా ఆరుగురి వాటా ఇప్పుడు కొనండి, బాబుది తర్వాత చూద్దాం" అనే సలహా వస్తుంది. వద్దు. ఉమ్మడి కుటుంబం నివసించే ఇంట్లో వాటా కొన్న బయటి మనిషికి, వాళ్లతో పాటు ఆ ఇంట్లో ఉండే హక్కు చట్టం ఇవ్వలేదు. పంపకం దావా వేసుకోవాల్సిందే. వేస్తే ఆ కుటుంబంలోని వాటాదారు ఎవరైనా కోర్టు కట్టిన విలువకు మీ వాటానే కొనుక్కుంటానని అడగొచ్చు. వారసుల్లో ఒకరు బయటివాళ్లకు తన వాటా అమ్ముతుంటే మిగతావాళ్లకు ముందు కొనుక్కునే హక్కు కూడా ఉంది. ముక్కలుగా కొనడం ఎందుకు టెన్షనో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

కాగితాల్లో వెతకాల్సినవి

ఈసీ అంటే ఆ ఇంటి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా. దాన్ని యజమాని పేరుతో మాత్రమే తీయించి ఊరుకోకండి. ఆస్తి వివరాలతో తీయించండి, ఆయన పోయిన తేదీ తర్వాతి భాగాన్ని జాగ్రత్తగా చదవండి. వారసుల్లో ఒకరు తన వాటాను ఎవరికో అగ్రిమెంట్ రాసి ఉండొచ్చు, తాకట్టు పెట్టి ఉండొచ్చు, తోబుట్టువుకు విడుదల చేసి ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో దొరకని పాత సంవత్సరాలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఈసీ అడగాలి.

అయితే రిజిస్టర్ కాని అగ్రిమెంట్, కోర్టులో నడుస్తున్న కేసు మామూలుగా ఈసీలో కనబడవు. పంపకం దావా నడుస్తుండగా కొంటే, ఆ కేసు గురించి మీకు తెలియకపోయినా తీర్పు మీకూ వర్తిస్తుంది. అందుకని services.ecourts.gov.in లో ఇల్లున్న చోటి కోర్టును ఎంచుకుని, పార్టీ పేరుతో ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటిగా వెతకండి. పేరు స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా, ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. యజమాని పోయిన ఏడాది నుంచి ఇప్పటివరకు ప్రతి సంవత్సరానికీ వెతకాలి. విసుగొచ్చే పనే, ఒక సాయంత్రం పడుతుంది. ఆ తర్వాత లాయరు ద్వారా పేపర్లో ప్రకటన ఇప్పించండి. ప్రకటనకు ఎవరూ స్పందించనంత మాత్రాన దాక్కున్న వారసుడి హక్కు పోదు, కానీ ఉన్నవాడు చాలాసార్లు బయటికొస్తాడు.

ఒరిజినల్ దస్తావేజు ఎవరి చేతిలో ఉందో చూడండి. "ఎక్కడో ఉంది, వెతుకుతున్నాం" అంటే అది బ్యాంకులోనో, వడ్డీకి ఇచ్చినవాళ్ల దగ్గరో, అలిగిన వారసుడి దగ్గరో ఉండొచ్చు. యజమాని తీసుకున్న హౌస్ లోను ఆయనతో పాటు పోదు, ఇంటితోనే వస్తుంది. ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో, అద్దెకుంటే అద్దె ఎవరికిస్తున్నారో వాళ్లనే అడగండి. అద్దె తీసుకునే మనిషి మీ వంశవృక్షంలో లేకపోతే గీసింది మళ్లీ చూసుకోవాలి.

డబ్బు ఎలా ఇవ్వాలి

అడ్వాన్సు కూడా పెద్దకొడుకు చేతిలో పెట్టొద్దు. అగ్రిమెంట్‌లో మేజర్లైన ఆరుగురూ సంతకం చేయాలి. బాబు వాటా కోర్టు అనుమతికి లోబడి అని అందులోనే రాయాలి. ఏ వాటాకు ఎంత సొమ్మో విడివిడిగా రాసి, ఎవరి డబ్బు వాళ్ల సొంత ఖాతాలోకే పంపాలి. ఒకరు తన సొమ్ము అన్నకు ఇమ్మంటే, ముందు తన ఖాతాలో పడ్డాక తానే పంపుకోమనండి. లేకపోతే రేపు "నాకు పైసా ముట్టలేదు" అన్నప్పుడు మీ దగ్గర రుజువు ఉండదు.

మొత్తం ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఒక్కొక్కరి వాటా 50 లక్షల లోపే కదా అని వదిలేయడానికి లేదు. 2024 అక్టోబరు 1 నుంచి అమ్మేవాళ్లందరి సొమ్మూ కలిపే చూస్తున్నారు. మన ఉదాహరణలో 9 లక్షలు తీసుకునే చెల్లెలికీ 9 వేలు కోయాలి, ఆమె పాన్ మీదే కట్టాలి. ప్రవాస భారతీయుడైన వారసుడికి ఈ 1 శాతం వర్తించదు. నిబంధన వేరు, కోత చాలా ఎక్కువ. దానికి చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడిగాకే డబ్బు పంపండి.

సేల్ డీడ్‌లో వంశవృక్షం మొత్తం చావు తేదీలతో సహా రాయించండి. "వీరు తప్ప వేరే వారసులు లేరు, ఉన్నట్టు తేలితే మేమే భరిస్తాం" అన్న హామీ కూడా ఉండాలి. ఆ హామీ మీకు నష్టపరిహారం అడిగే హక్కు ఇస్తుందే తప్ప, మరిచిపోయిన వారసుడి వాటాను మీది చేయదు. ఏడాది తర్వాత ఆ డబ్బు వాళ్ల ఖాతాల్లో ఉండదు కూడా.

రిజిస్ట్రేషన్ రోజున ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు, మూడు డెత్ సర్టిఫికెట్లు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు, కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ మీ చేతికి వచ్చాకే చివరి విడత పంపండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ యజమానికి ఒక్కదానితో సరిపోదు, ముసలమ్మకు విడిగా, చిన్నకొడుక్కు విడిగా కావాలి. తమ్ముడూ చెల్లెలూ కనబడేది ముసలమ్మ సర్టిఫికెట్‌లోనే.